రాత్రి పన్నెండున్నర అంటే ఏ రోజు?

తెనాలిలో మా బాబాయికి చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. ప్రతి పౌర్ణమికీ ఒక అరుణాచలం టూరు వేస్తాడు. ఆ ప్యాకేజీ వివరాలు రాసి వెబ్‌సైట్లో పెట్టే పని నాది. ఏ రోజు ఎక్కడ, ఏవి కలిపి, ఏవి విడిగా, అడ్వాన్సు ఎంత, ఎప్పటిలోగా... ఇవన్నీ ఒక పేజీలో రాయాలి. ఏముందిలే, కాపీ కొట్టి అతికించే పనేగా అనుకునేదాన్ని.

ఈ టూరుకి తేదీ మనం పెట్టేది కాదు, తిథి పెడుతుంది. గిరి ప్రదక్షిణ పద్నాలుగు కిలోమీటర్లు. పౌర్ణమి ఘడియలు ఎప్పుడు మొదలవుతాయో పంచాంగంలో చూసి, ఆ సాయంత్రానికి జనం తిరువణ్ణామలైలో ఉండేలా వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. పొద్దున్నే చెన్నైలో దిగాలి, దారిలో కంచి దర్శనం, మధ్యాహ్నానికి గది. అలా లెక్కేస్తే తెనాలిలో ఎక్కాల్సింది అర్ధరాత్రి బండి.

అడ్వాన్సు గడువు కూడా అక్కణ్ణుంచే వస్తుంది. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. పౌర్ణమి బండ్లకి బెర్తులు ఇట్టే అయిపోతాయి. అందుకే 65 రోజుల ముందే మనిషికి రెండు వేలు కట్టించుకుని, పేర్లు, వయసులు రాసుకుంటాం.

ఆ నెల పౌర్ణమి 14, శనివారం. బండి హైదరాబాద్‌లో బయలుదేరేది 13 సాయంత్రం, తెనాలికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. టికెట్ మీద 14 అనే ఉంటుంది, అది సరైనదే. నేను దాన్నే చూసి పేజీలో ఇలా రాశాను: 'బయలుదేరు తేదీ: 14, శనివారం, రాత్రి 12.30, తెనాలి.'

బాపట్లలో ఎక్కేవాళ్లు ఇద్దరు ముందే ఫోన్ చేసి, "శుక్రవారం రాత్రేనా అండీ?" అని అడిగారు. అవునన్నాను. వాళ్లకెందుకు అనుమానం వచ్చిందో ఆలోచించలేదు.

శనివారం ఉదయం ఆరింటికి రేపల్లె నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, రాత్రి మీవాళ్లు ఇన్నిసార్లు చేశారేంటి? నేను తొమ్మిదింటికే ఫోన్ కట్టేస్తాగా. మా బండి ఈ రాత్రికి కదా?"

నా నోట మాట రాలేదు. "మాస్టారూ, బండి వెళ్లిపోయిందండీ" అన్నాను చివరికి.

"శనివారం రాత్రి అని రాశారుగా?" అన్నారాయన. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఏమంటున్నారండీ? పులిహోర కలుపుకోమన్నారా వద్దా?"

అప్పటికప్పుడు తెనాలి వచ్చి ఏదో బండిలో జనరల్ పెట్టెలో వెళ్లినా, చేరేసరికి రాత్రవుతుంది. పైగా పౌర్ణమి రోజు బస్సుల్ని ఊరి బయటే ఆపేస్తారు, అక్కణ్ణుంచి నడవాలి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. వద్దులే అమ్మా అన్నారు మాస్టారు.

సోమవారం ఆయనే ఆఫీసుకొచ్చారు. బాబాయి పేజీలో చివరి లైను చూపించాడు: 'బయలుదేరాక డబ్బు వాపసు లేదు.' మాస్టారు కళ్లజోడు సవరించుకుని మొదటి లైను మీద వేలు పెట్టారు. "ఇది కూడా మీరు రాసిందేగా బాబూ?"

బాబాయి నావైపు చూశాడు. వదిలేసిన టికెట్‌కి రైల్వే పైసా ఇవ్వదు. బస్సు డబ్బూ, గది డబ్బూ ముందే కట్టేశాం. అయినా తప్పు మాది. ఇంకో పౌర్ణమికి వాళ్లిద్దరినీ మా ఖర్చుతో తీసుకెళ్లాం. అందులో సగం నా జీతంలోంచి పోయింది, అడిగి మరీ కోయించుకున్నాను.

తర్వాత పేజీ మళ్లీ రాశాను. ఇప్పుడు మొదటి లైను ఇలా ఉంటుంది: 'శుక్రవారం రాత్రి ఇంట్లో భోజనం చేసి, 11.30 కల్లా తెనాలి స్టేషన్‌కి రండి. బండి 12.30కి. తెల్లవారితే శనివారం.' బాపట్లకి వేరే లైను, వాళ్ల టైముతో. రేపల్లె వాళ్లకి, సాయంత్రమే తెనాలి వచ్చేయమని. తిరుగు ప్రయాణానికీ అంతే, ఏ పూట ఇంటికి చేరతారో రాస్తాను. వాపసు లేదన్న లైను కింద నుంచి తీసి అడ్వాన్సు పక్కనే పెట్టాను. ఎన్ని రోజుల ముందు మానుకుంటే ఎంత తిరిగొస్తుందో రూపాయల్లో రాశాను.

ఇంకో అలవాటు కూడా అయింది. అడ్వాన్సు కట్టగానే ఫోన్ చేసి, "ఏ రోజు రాత్రి ఇంట్లోంచి బయలుదేరతారండీ?" అని అడుగుతాను. తేదీ నేను చెప్పను, వాళ్ల చేతే చెప్పిస్తాను. పదిమందిలో ఒకరిద్దరు ఇప్పటికీ శనివారం అంటూనే ఉంటారు.

మాస్టారు ఆ పౌర్ణమికి పదకొండింటికే స్టేషన్‌కి వచ్చారు. ఫోన్ ఆన్‌లోనే ఉంది.