మా బావ ఎక్సెల్ షీటూ, రెండు లైన్ల హెడరూ

మేముండేది ఎల్బీ నగర్‌లో. మా బావ (అక్క భర్త) పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో, బ్యాంకు పరీక్షలకీ గ్రూప్స్‌కీ కోచింగ్ ఇచ్చే ఒక ఇన్‌స్టిట్యూట్లో. మెట్రోలో మూడో స్టేషను. ఇన్‌స్టిట్యూట్ పేరు ఎందుకులెండి, ఆ రోడ్డు మీద తల పైకెత్తితే కనిపించే వంద బోర్డుల్లో అదొకటి. పాఠాలు చెప్పడం తప్ప మిగతావన్నీ బావే చూస్తాడు. మెయిళ్ళు పంపడం కూడా.

2024 వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్. "అరే బామ్మర్ది, జర రారా, ఇక్కడ లొల్లయితుంది" అని. వెళ్ళి చూస్తే మెట్ల దగ్గర ముప్పై మంది పిల్లలు. ఆదివారం జరగాల్సిన మాక్ టెస్టుని శనివారానికి జరిపారట, గురువారమే అందరికీ మెయిల్ పంపారట. వీళ్ళెవరికీ అందలేదు. ఒకమ్మాయి చౌటుప్పల్ నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చింది. డబ్బు కట్టిన ఆరు టెస్టుల్లో ఒకటి పోయింది తనకి. "మెయిల్ చూసుకోవాలి కదమ్మా" అని బావ అంటుంటే ఆ అమ్మాయి ఏం మాట్లాడకుండా తన ఫోను తీసి నా చేతికిచ్చింది. మెయిల్ ఉంది, స్పామ్ ఫోల్డర్లో. పైన జీమెయిల్ వారి పట్టీ: గతంలో స్పామ్‌గా గుర్తించిన మెయిళ్ళని ఇది పోలి ఉంది అని.

ఎవరు గుర్తించారు? అదీ అసలు ప్రశ్న.

బావ దగ్గరొక ఎక్సెల్ షీటు ఉంది. ఐదేళ్ళుగా కోచింగ్ తీసుకున్నవాళ్ళు, ఫీజు ఎంతో అడిగి వెళ్ళిపోయినవాళ్ళు, అందరూ కలిపి పదకొండు వేల చిల్లర అడ్రసులు. అందులో తొమ్మిది వేలు జీమెయిలువే. "సోమవారం నుంచి కొత్త బ్యాచ్" అని వారానికి మూడు సార్లు అందరికీ వెళుతుంది. అడుగున చిన్నక్షరాల్లో అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా ఉంది. నొక్కితే లాగిన్ పేజీ వస్తుంది, రోల్ నంబరూ పాస్‌వర్డూ అడుగుతుంది. కోర్సు అయిపోయిన మర్నాడే ఆ లాగిన్ పనిచెయ్యడం మానేస్తుంది :-) ఉద్యోగం వచ్చి కర్నూలు బ్రాంచిలో కూర్చున్న పాత విద్యార్థి ఏం చేస్తాడు? స్పామ్ బటన్ నొక్కుతాడు. నేనైనా అదే చేస్తాను.

గూగుల్, యాహూ వాళ్ళు 2023 అక్టోబరులో ప్రకటించి, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టిన నిబంధనలు మనలో చాలామందికి ఆఫీసుల్లో తగిలే ఉంటాయి. జీమెయిల్ లెక్కలో, వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకి 24 గంటల్లో దాదాపు 5000 గానీ అంతకంటే ఎక్కువ గానీ పంపేవాళ్ళు బల్క్ సెండర్లు. వీళ్ళు ప్రచారపు మెయిళ్ళలో ఒకే నొక్కుతో చందా రద్దయ్యే ఏర్పాటు పెట్టాలి, దానికి 2024 జూన్ దాకా గడువిచ్చారు. అడిగినవాళ్ళని రెండు రోజుల్లోపు తీసెయ్యాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపుంటే మంచిది.

బావ వెంటనే "రోజుకి నాలుగు వేలు పంపుదాం, అయిపాయె" అన్నాడు. అవదు. ఒక్కసారి ఆ గీత దాటితే ఇక ఎప్పటికీ బల్క్ సెండరే. సబ్‌డొమైన్లు మార్చినా మూల డొమైన్ కిందే లెక్కేస్తారు. ఆయన షీటు తెరిచి లెక్క చెప్పాను. తొమ్మిది వేలూ ఇన్‌బాక్సుల్లోనే పడ్డాయనుకున్నా 0.3 శాతం అంటే ఇరవై ఏడు మంది. ఇరవై ఏడు మందికి విసుగు పుడితే చాలు, చౌటుప్పల్ అమ్మాయికి మెయిల్ అందదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. స్పామ్ నొక్కినవాళ్ళెవరో జీమెయిల్ మనకి చెప్పదు. పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో శాతం మాత్రమే చూపిస్తుంది. అంటే మనమీద కోపంగా ఉన్నవాడు ఎవడో తెలియదు కాబట్టి వాడికి మళ్ళీ పంపుతాం, వాడు మళ్ళీ నొక్కుతాడు. అదే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కినవాడి అడ్రసు మన చేతికొస్తుంది. వెళ్ళిపోతానన్నవాడికి తలుపు తియ్యడం మన స్వార్థానికే మంచిది. ఇది బావకి అర్థం కావడానికి రెండు టీలు పట్టింది.

సరే, పని. చూడ్డానికి రెండే లైన్లు:

```
List-Unsubscribe: <https://mail.example.com/u/7f3a9c21e0b4>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

మొదటిది 1998 నాటిది. రెండోది 2017లో RFC 8058 తో వచ్చింది. అప్పటికే ఒక లింకు ఉండగా రెండోది ఎందుకంటే, మెయిల్లో లింకులు కనబడితే ముందే తెరిచి చూసే స్కానర్లు చాలా ఉన్నాయి. ఉత్త GET తో పేరు తీసేస్తే, మనిషి మెయిల్ తెరవకముందే స్కానరే అతన్ని వెళ్ళగొట్టేస్తుంది. అందుకే GET వస్తే ఏమీ మార్చకూడదు, ఆ ఒక్క వాక్యంతో POST వస్తేనే తియ్యాలి. మెయిల్ అడుగున మామూలు లింకు ఎలాగూ ఉండాలి. అది GET తో ఒక పేజీ చూపించి బటన్ నొక్కమంటే సరిపోతుంది, లాగిన్ మాత్రం అడగకూడదు. ఆ అంకెల ముక్క మనిషికొకటి, ఊహించలేనిది అయ్యుండాలి. మెయిల్ అడ్రసే లింకులో పెడితే ఎవడైనా ఎవణ్ణయినా తీసెయ్యొచ్చు. మనిషికొకటి కాబట్టి బీసీసీలో వంద మందిని కుక్కి పంపే పద్ధతికి ఇక సెలవు.

ఒక గంటలో అయిపోయింది. నా అడ్రసుకి పంపుకున్నాను. బటన్ రాలేదు.

జీమెయిల్లో "Show original" తెరిచి DKIM సంతకంలో `h=` దగ్గర చూశాను. ఏయే హెడర్లు కలిపి సంతకం చేశారో అక్కడ ఉంటుంది. మా సర్వర్లోని పాత సెట్టింగులో List-Unsubscribe ఉంది గానీ List-Unsubscribe-Post లేదు. రెండూ సంతకం కింద ఉండి తీరాలి. లేకపోతే దారిలో ఎవడో ఒక హెడర్ తగిలించి జీమెయిల్ చేత ఎక్కడికి పడితే అక్కడికి POST చేయించగలడు. సంతకంలో చేర్చాను. అప్పుడు పంపేవారి పేరు పక్కన ఆ చిన్న బటన్ వచ్చింది. (అన్నట్టు, అన్నీ సరిగ్గా ఉన్నా డొమైన్‌కి మంచి పేరు లేకపోతే బటన్ చూపించకపోవచ్చు. కాబట్టి బటన్ రాలేదని కోడ్ మొత్తం తిరగరాయకండి.)

నొక్కాను. చందా రద్దయిందని జీమెయిల్ చెప్పింది. హమ్మయ్య అనుకుని రాత్రి పది గంటల మెట్రోకి ఇంటికెళ్ళిపోయాను.

బుధవారం బావ ఫోన్: "ఒక్కడు గూడ పోలేదురా, మంచిగనే ఉన్నరు మనోళ్ళు." నాకు గుండె గుభేలుమంది. తొమ్మిది వేల మందిలో ఒక్కడంటే ఒక్కడు పోకపోవడం ఏంటి? లాగ్ తెరిచాను:

```
"POST /u/7f3a9c21e0b4 HTTP/1.1" 419
```

ఇలాంటివి నూట నలభై. లారావెల్ వాడినవాళ్ళకి 419 అంటే ఏంటో తెలుసు. CSRF టోకెన్ లేదని ఫ్రేమ్‌వర్కే గుమ్మంలో ఆపేసింది. నేను పరీక్షించినప్పుడు జీమెయిల్ "అయింది" అంటే నమ్మాను గానీ, డేటాబేసులో నా పేరు పోయిందో లేదో చూడలేదు. పోలేదు. ఆ POST పంపేది నొక్కినవాడి బ్రౌజరు కాదు, మెయిల్ సర్వీసు వాళ్ళ సర్వరు. దానికి కుకీ ఉండదు, సెషన్ ఉండదు, మన ఫారం చూసి ఉండదు. ఆ దారికి CSRF తనిఖీ మినహాయించాలి:

```
protected $except = ['u/*'];
```

ఈ ఒక్క చోట మినహాయింపు ఇవ్వొచ్చు, ఎందుకంటే ఊహించలేని ఆ అంకెల ముక్కే ఇక్కడ తాళంచెవి. రీడైరెక్ట్ కూడా ఉండకూడదని RFC ఖచ్చితంగా చెబుతుంది. www లేని పేరు నుంచి ఉన్న పేరుకి మళ్ళించే అలవాటు మన సర్వర్లలో మామూలే కాబట్టి అదీ చూసుకోండి. ఇక పరీక్ష బటన్‌తో కాదు, ఇలా:

```
curl -i -d "List-Unsubscribe=One-Click" https://mail.example.com/u/7f3a9c21e0b4
```

200 రావాలి, ఆ తర్వాత డేటాబేసులో వరుస మారిందో లేదో కళ్ళతో చూడాలి. ఆ నూట నలభై మందినీ లాగ్‌లోని ముక్కల్ని బట్టి అదే రాత్రి చేత్తో తీసేశాను. నలభై ఎనిమిది గంటల గడువు చాలామందికి అప్పటికే దాటిపోయింది. ఆ మూడు రోజుల్లో వాళ్ళకి మరో మెయిల్ వెళ్ళింది. వాళ్ళలో ఎంతమంది ఈసారి స్పామ్ నొక్కారో నాకెప్పటికీ తెలియదు.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒకాయన నేరుగా ఆఫీసుకే ఫోన్ చేశాడు, మూడు సార్లు నొక్కానయ్యా, ఇంకా వస్తున్నాయి అని. లాగ్‌లో చూస్తే మూడు సార్లూ 200. మరెలా?

బావ ప్రతి సోమవారం కొత్త చేరికల్ని తన ఎక్సెల్‌లో కలిపి, ఆ షీటు మొత్తాన్నీ మళ్ళీ అప్‌లోడ్ చేస్తాడు! నేనేమో రద్దు చేసుకున్నవాళ్ళ వరుసల్ని అసలు టేబుల్లోంచే చెరిపేస్తున్నాను. సోమవారం పొద్దున వాళ్ళంతా మళ్ళీ పుట్టుకొస్తున్నారు. ఇందులో బావ తప్పేం లేదు, ఆయనకి ఆ షీటే ఆస్తి. తప్పు నాది. వద్దన్నవాళ్ళని చెరపకూడదు, రాసి ఉంచుకోవాలి. ఇప్పుడు వేరే టేబుల్ ఉంది, అప్‌లోడ్ దాన్ని తాకలేదు, పంపే ముందు ప్రతి అడ్రసునీ అందులో వెతుకుతుంది.

ఆ టేబుల్లో అడ్రసు పక్కన ఇంకో గడి కూడా పెట్టాను: ఏది వద్దన్నారు అని. ఇది ఆ అమ్మాయి గుర్తొచ్చి పెట్టింది. తను "కొత్త బ్యాచ్" మెయిల్ విసుగొచ్చి రద్దు చేసిందనుకోండి, గడి లేకపోతే టెస్టు తేదీల మెయిల్ కూడా ఆగిపోయేది. స్పామ్ ఫోల్డర్ చేసిన పనే నా కోడ్ చేసేది. తేదీల మెయిళ్ళు ఇప్పుడు వేరే సబ్‌డొమైన్ నుంచి, చదువుతున్నవాళ్ళకి మాత్రమే వెళ్తాయి.

మొదటి నెలలో పదకొండు వందల మంది వెళ్ళిపోయారు. "పదోవంతు పోయిర్రురా" అని బావ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. స్పామ్ శాతం 0.1 కిందికి రావడానికి ఇంకో నెలన్నర పట్టింది. ఈమధ్య ఆయన ఫేర్‌లో ఫారాలు నింపించి ఇంకో ఎనిమిది వందల అడ్రసులు తెచ్చాడు. అప్‌లోడ్ అయ్యాక తెర మీద "వీరిలో 43 మంది వద్దన్నారు" అని వచ్చింది. "ఫారం వాళ్ళే నింపిర్రు కదరా, మళ్ళ వద్దనుడేంది?" అన్నాడు. వాళ్ళే మళ్ళీ కావాలనుకుంటే ఏం చెయ్యాలో నా కోడ్‌లో ఇంకా లేదు. ఈ ఆదివారం కూర్చోవాలి.