ఒకసారి కాచిన కాఫీ

పుదుచ్చేరిలో కాఫీ అంటే ఫిల్టరు కాఫీయే. ఇందిరా నగర్‌లో తెల్లారేసరికి చాలా ఇళ్లలో డికాషన్ దిగుతూ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీ సీసా అలమరలో వెనక వరసలో ఉంటుంది, డికాషన్ అయిపోయాక చుట్టం దిగితేనే ముందుకొస్తుంది. అయితే ఈ ఊళ్లోనే ఆ పొడి తప్ప వేరే కాఫీ కుదరని తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు. యానాం నుంచి, ఆంధ్ర జిల్లాల నుంచి జిప్మర్‌కు వైద్యానికి వచ్చి, గది అద్దెకు తీసుకుని వారాల తరబడి ఉండేవాళ్లు వాళ్లు. ఒక కెటిల్, ఒక పాల ప్యాకెట్టు, కిరాణా కొట్టులో దండలా వేలాడే కాఫీ ప్యాకెట్లలో ఒకటి, అంతే వాళ్ల వంటిల్లు. రాత్రంతా రోగి పక్కన కూర్చుని వచ్చిన మనిషికి ఆ గ్లాసుడు కాఫీ బాగుండాలి. బాగుండేలా కలపొచ్చు కూడా. దానికి ముందు ఆ పొడి ఏమిటో తెలియాలి.

కాఫీ గింజల పొడికీ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ. ఇది కాచి, వడగట్టి, నీళ్లన్నీ తీసేసిన డికాషన్. ఆ పని ఎక్కడో పరదేశంలోనే జరుగుతుందనుకోనక్కర్లేదు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో చల్లా రాజేంద్రప్రసాద్ స్థాపించిన సీసీఎల్ ప్రోడక్ట్స్ 1995 నుంచి దీన్ని తయారు చేస్తోంది. దుగ్గిరాల అంటే మనకు పసుపు యార్డు గుర్తొస్తుంది. అక్కడ కాఫీ చెట్టు ఒక్కటీ పెరగదు, గింజలు బయటి నుంచే రావాలి. అక్కడ తయారైన పొడి మాత్రం ఎన్నో దేశాలకు వెళ్లి, ఆయా దేశాల కంపెనీల పేర్లతో సీసాల్లోకి ఎక్కుతుంది.

ఇలాంటి ఫ్యాక్టరీలో గింజల్ని వేయించి, కాస్త బరకగా ఆడించి, నిలువెత్తు ఉక్కు గొట్టాల్లో నింపుతారు. ఆ గొట్టాలు వరసగా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. బాగా ఒత్తిడి పెట్టి నీళ్లను లోపలికి పంపుతారు. ఆ ఒత్తిడి వల్ల నీళ్లు 170 డిగ్రీలు దాటినా ఆవిరైపోకుండా నీళ్లలాగే ఉంటాయి. మంచి వేడి మీదున్న నీళ్లు ముందు సారం దాదాపు పోయిన పొడిలోకి వెళతాయి. అక్కడ మిగిలిందంతా లాక్కుని, ఒక్కో గొట్టమే దాటుకుంటూ, చిట్టచివర కొత్త పొడిలోంచి బయటపడతాయి. మన ఫిల్టర్లో 100 గ్రాముల పొడి వేస్తే సుమారు 20 గ్రాములు నీళ్లలోకి దిగుతుంది, మిగతాది పిప్పి. ఈ గొట్టాల్లో 40 గ్రాములు, ఒక్కోసారి అంతకు మించి కూడా దిగుతుంది. మామూలు వేడికి కరగని పీచు పదార్థాలు కూడా ఆ వేడికి విరిగి కరిగిపోతాయి. ఇన్‌స్టంట్ కాఫీలో అడుగున తగిలే ఆ మొద్దు చేదుకు, కాస్త కట్టె రుచికి మూలం ఇక్కడుంది.

తర్వాత నీళ్లు తీసేయాలి. నీళ్లతో పాటే సువాసన కూడా పోతుంది కాబట్టి దాన్ని ముందే పట్టి పక్కన పెట్టి, చివర్లో తిరిగి కలపడానికి ప్రయత్నిస్తారు. డికాషన్‌ను చిక్కబరిచాక రెండు దారులున్నాయి. ఒకటి, ఎత్తయిన గోపురం లాంటి గదిలో పైనుంచి తుంపరగా చిమ్మి, వేడిగాలి కొట్టడం. చుక్క కింద పడేలోగా పొడి అవుతుంది. దీన్ని స్ప్రే డ్రై అంటారు. రెండోది ఫ్రీజ్ డ్రై. డికాషన్‌ను సున్నాకు 40 డిగ్రీల దిగువకు గడ్డకట్టించి, పగలగొట్టి, గాలి తీసేసిన గదిలో ఉంచుతారు. ఐసు కరగకుండానే నేరుగా ఆవిరై పోతుంది. పెద్దగా వేడి తగలదు కాబట్టి వాసన ఎక్కువ మిగులుతుంది, ఖర్చూ ఎక్కువవుతుంది. చెంచాలో పోసి చూస్తే చాలా వరకు తేడా తెలిసిపోతుంది. మెత్తటి పొడి స్ప్రే డ్రైది. గుండ్రంగా, గుల్లగా ఉండే పలుకులు అదే పొడిని ఆవిరి పట్టి అతికించినవి. కోణాలు తేలి, లేత రంగులో పెళుసుగా ఉండేవి ఫ్రీజ్ డ్రైవి.

ఇంత తెలిశాక వంటింట్లో చేయాల్సింది తేలిపోతుంది. కాఫీని కాచే పని ఫ్యాక్టరీలోనే, అదీ అవసరానికి మించి, అయిపోయింది. మనం తిరిగి నీళ్లు కలుపుతున్నామంతే. అందుకే పాలు పొంగుతుండగా పొడి వేసి మరిగించడం ఈ కాఫీకి చేసే పెద్ద అన్యాయం. మరిగినందువల్ల కొత్త సారమేమీ దిగదు. మిగిలిన కాస్త వాసన ఆవిరితో పోతుంది, చేదు ముందుకొస్తుంది.

కొనేటప్పుడు ప్యాకెట్టు వెనక చదవండి. కాఫీ చికోరీ మిశ్రమమైతే కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఏది ఎంతుందో ముద్రించాలని మన దేశంలో నిబంధన ఉంది. చికోరీ ఒక వేరు. రంగు, చిక్కదనం ఇస్తుంది, కాఫీ వాసన ఇవ్వదు. పాలతో తాగేవాళ్లకు చికోరీ కొంత ఉన్నా బాగానే ఉంటుంది. పాలు లేకుండా తాగాలంటే మాత్రం అచ్చం కాఫీయే కొనాలి.

ఇక కలిపే పద్ధతి. 120 మిల్లీలీటర్ల గ్లాసుకు 2 గ్రాముల పొడి, అంటే తలకొట్టిన టీ చెంచాడు. పొడి, చక్కెర గ్లాసులో వేసి, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి నున్నగా కలపండి. మరిగే నీళ్లు ఒక్కసారిగా పోస్తే పొడి పైపొర జిగురై, లోపల పొడి పొడిగానే ఉండి ఉండలు కడుతుంది. కలిపిన ముద్దను అర నిమిషం చెంచాతో గట్టిగా గిలకొడితే రంగు తేలి నురుగు లేస్తుంది. ఇప్పుడు పాలు. ఒక్క పొంగు రాగానే దించి, నిమిషం ఆగి పోయండి. పదే పదే కాచిన పాలకు వచ్చే మీగడ వాసన కాఫీ వాసనను మింగేస్తుంది. పాలు లేని కాఫీకైనా మరిగిన నీళ్లు అలాగే ఆగి పోయాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే క్యాను నీళ్లు వాడండి. చేదు ఇంకా ఎక్కువనిపిస్తే రెండు మూడు ఉప్పు రవ్వలు వేయండి, ఉప్పు రుచి తెలియకుండానే చేదు తగ్గుతుంది. చివరికి డవరాలోకి గ్లాసులోకి రెండుసార్లు తిరగబోస్తే చాలు.

నమ్మకం కుదరకపోతే ఒకే ప్యాకెట్టుతో రెండు గ్లాసులు కలిపి చూడండి. ఒకటి పాలల్లో మరిగించి, ఒకటి ఇలా. మరిగించినది గొంతు దిగాక నాలుక వెనక చేదు నిలబడిపోతుంది. రెండోదాంట్లో ముందు వాసన తగులుతుంది, తీపి తెలుస్తుంది, చేదు తొందరగా వదులుతుంది.

సముద్రపు ఊళ్లో మరో శత్రువు తేమ. ఆవిరి లేస్తున్న గిన్నె మీద సీసా మూత తీయకండి, తడి చెంచా ముంచకండి. పొడి అంటుకుని గట్టిపడటం మొదలైందంటే వాసన అప్పటికే పోయినట్టు. ఫ్రిజ్‌లో పెట్టి తీసి వెంటనే తెరిచినా లోపల చెమ్మ పడుతుంది. మన తీరానికి పెద్ద సీసా కంటే చిన్న ప్యాకెట్లే మేలు.

ఎంత జాగ్రత్తగా కలిపినా ఇది ఫిల్టరు కాఫీ కాదు. గొట్టాల్లో విరిగిన పీచునూ, గోపురంలో పోయిన వాసననూ ఎవరూ వెనక్కి తేలేరు. కానీ మిగిలిన వాసనను మన చేతులతో మనం పోగొట్టుకోనక్కర్లేదు. ఆసుపత్రి దగ్గర గది తీసుకుని ఉన్న మనవాళ్లెవరైనా మీకు తెలిసుంటే ఈ ఒక్క మాట చెప్పండి. పొడిని మరిగించవద్దు, ముందు గోరువెచ్చని నీళ్లలో కలపమనండి.