టార్గెట్ పెట్టింది నేను, ఉద్యోగం పోయింది కుర్రాడిది



మొన్నటి సమావేశంలో దసరా సీజన్ మాట వచ్చినప్పుడు, షాపులున్న మనవాళ్లు నలుగురైదుగురు ‘ఈసారి సేల్స్ కుర్రాళ్లకి ఇన్సెంటివ్ పెడుతున్నాం’ అన్నారు. పెట్టండి, మంచిదే. నేనూ పెట్టాను. పెట్టి ఒక మంచి కుర్రాణ్ని పోగొట్టుకున్నాను. ఆ సంగతి అక్కడ చెప్పడానికి నోరు రాలేదు. కొంచెం పొడుగైనా ఇక్కడ రాస్తున్నాను.

నాది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు అమ్మే షాపని మీకు తెలుసు. 2017లో జీఎస్టీ వచ్చాక వీటి మీద పన్ను యానాంలోనూ కాకినాడలోనూ ఒకటే. కాకినాడ పెద్ద షోరూములతో పోటీ పడాలంటే కుర్రాళ్లలో ఊపు రావాలనుకున్నాను. అమ్మేవాళ్లు నలుగురు. ఒక్కొక్కరికి నెలకి నాలుగు లక్షల టార్గెట్ పెట్టాను. దాటితే మొత్తం అమ్మకం మీద ఒక శాతం, అంటే నాలుగు వేలు. దాటకపోతే ఏమీ లేదు. కాగితం మీద ఎంత బాగుందో!

మొదటి రెండు నెలలు అమ్మకాలు పెరిగాయి. మూడో నెల నుంచి గల్లాపెట్టెలో డబ్బు బిల్లుల లెక్కతో సరిపోలుతున్నా, చివరికి నాకు మిగిలేది తగ్గుతోంది. ఎందుకో తెలియలేదు. ఒక రాత్రి బిల్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది.

ముప్ఫై వేల ఫ్రిజ్ అమ్మితే నాకు మిగిలేది సుమారు రెండు వేల నాలుగు వందలు అనుకోండి. కస్టమరు బేరమాడితే కుర్రాడు పదిహేను వందలు తగ్గించి ఇచ్చేస్తున్నాడు. దాంతో నా లాభంలో సగానికి పైగా పోతుంది. వాడికి పోయేది ఎంత? పదిహేను వందల్లో ఒక శాతం, పదిహేను రూపాయలు. పదిహేను రూపాయల కోసం వాడు గంటసేపు ఎందుకు బేరమాడతాడండీ? నేనున్నా తగ్గించేసేవాణ్నే.

రెండోది ఇంకా బాధాకరం. మా షాపులో అందరికంటే నెమ్మదైన కుర్రాడు ఒకడుండేవాడు. ఆ నెల 30వ తేదీకి వాడికి పద్దెనిమిది వేలు తక్కువ పడ్డాయి. ఆ పద్దెనిమిది వేలు అమ్మితే నాలుగు వేలు, లేకపోతే సున్నా. వాళ్ల బావ పేరు మీద ఒక వాషింగ్ మెషీన్ బిల్లు చేయించి, వచ్చే నెల 4న క్యాన్సిల్ చేయించాడు. దొరికాడు. నలుగురి ముందూ దొంగ అన్నాను, ఆ సాయంత్రమే పంపించేశాను.

వాడు వెళ్లాక పాత బిల్లులు తిరగేశాను. నెలాఖరు మూడు రోజుల్లో చేసిన బిల్లుల్లో, తర్వాతి వారంలో రద్దయినవి మిగతా ముగ్గురి పేర్ల మీదా ఉన్నాయి. వీడొక్కడే దొరికాడు, అంతే. తప్పు వాడు చేశాడు, కాదనను. కానీ మూడు లక్షల తొంభై తొమ్మిది వేలకి సున్నా, నాలుగు లక్షలకి నాలుగు వేలు అని రాసిపెట్టింది నేను.

ఇక ఐకమత్యం సంగతి. ఎదుర్లంక నుంచి ఒకాయన వచ్చి ఒక కుర్రాడితో గంటసేపు ఏసీల గురించి మాట్లాడి వెళ్లాడు. మర్నాడు డబ్బు తీసుకొచ్చేసరికి ఆ కుర్రాడు భోజనానికి వెళ్లాడు, ఇంకొకడు బిల్లు చేసేశాడు. కస్టమరు ముందే ఇద్దరూ కలబడ్డారు. కంప్లైంటుతో వచ్చినవాళ్ల దగ్గరకి ఎవరూ వెళ్లరు. కొత్తగా చేరినవాడికి ఎవరూ పని నేర్పరు, నేర్పితే రేపు వాడే పోటీ.

ఇలాంటిదే పెద్ద ఎత్తున మన పక్కనే జరిగింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2010లో ఆంధ్రాలో మైక్రోఫైనాన్స్ గొడవ. ఎన్ని అప్పులు ఇచ్చారు, ఎంత వసూలు చేశారు అన్నదానికే విలువ కట్టినప్పుడు, ఒకే ఇల్లాలికి నాలుగు సంస్థల అప్పు అంటగట్టడమూ, వాయిదా కోసం గుమ్మం ముందు కూర్చోవడమూ ఉద్యోగంలో భాగమైపోయాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. తర్వాత రిజర్వు బ్యాంకు ఆ సంస్థలకి పెట్టిన నియమాల్లో ఒకటి ఏమిటంటే, సిబ్బంది జీతభత్యాల లెక్కలో అప్పుల సంఖ్య, వసూళ్ల కంటే సేవకీ, అప్పు తీసుకున్నవారి సంతృప్తికీ ఎక్కువ బరువు ఉండాలని. నా చిన్న షాపుకీ అదే వర్తిస్తుందని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. టార్గెట్ తీసేశాను, మొదటి వస్తువు నుంచీ ఇన్సెంటివ్ ఉంటుంది. నెలాఖరున గెంతాల్సిన గోడే లేదు. లెక్క అమ్మకం మీద కాకుండా నాకు మిగిలే లాభం మీద కట్టాను. నా లాభం అందరికీ చెప్పుకోలేను కదా, అందుకని ప్రతి వస్తువు చీటీ మీద పాయింట్లు రాశాను. వంద రూపాయల లాభానికి ఒక పాయింటు, పాయింటుకి పన్నెండు రూపాయలు. వంద తగ్గించి ఇస్తే ఒక పాయింటు పోతుంది. పై ఫ్రిజ్‌కి 24 పాయింట్లు, 288 రూపాయలు. పదిహేను వందలు తగ్గిస్తే 9 పాయింట్లు, 108 రూపాయలు. తగ్గించవద్దని నేను చెప్పక్కర్లేదు, ఎక్కడ తగ్గించాలో వాళ్లే చూసుకుంటున్నారు.

ఆ 288లో సగం అమ్మినవాడికి. మిగతా సగం అందరి డబ్బాలోకి వెళ్తుంది. నెలాఖరున అది అమ్మేవాళ్లు నలుగురికీ, క్యాషియరమ్మాయికీ, డెలివరీ చేసి బిగించే కుర్రాడికీ సమానంగా పంచుతాం. ఇద్దరు మాట్లాడిన కస్టమరైతే బిల్లు మీద ఇద్దరి పేర్లూ రాస్తారు, చెరి సగం. డబ్బు మాత్రం ముప్ఫై రోజులు ఆగి ఇస్తాను. ఈలోపు వస్తువు వెనక్కి వస్తే పాయింట్లు రద్దు. కంపెనీ లోపమైతే రద్దు చేయను, అది కుర్రాడి తప్పు కాదు.

ఇందులోనూ ఇబ్బందులు ఉన్నాయి. బాగా అమ్మే కుర్రాడొకడు ‘నా కష్టం వాళ్లకెందుకండీ’ అని మానేసి కాకినాడ వెళ్లిపోయాడు. సగం డబ్బా పద్ధతి ఆరుగురున్న చోట నడుస్తుంది, ఎవరు పని ఎగ్గొట్టినా అందరికీ కనపడుతుంది. ముప్ఫై మంది ఉంటే కనపడదు, అక్కడ విభాగానికొక డబ్బా పెట్టాలి. మొదటి రెండు నెలలు అమ్మకం కాస్త తగ్గింది. కానీ నెల మొదటి వారంలో రద్దయ్యే బిల్లులు దాదాపు ఆగిపోయాయి. బిగించే కుర్రాడు వస్తువు వెళ్లిన రోజే వెళ్తున్నాడు.

పంపించేసిన కుర్రాడికి పోయిన సంక్రాంతికి ఫోన్ చేశాను. ‘దొంగ అన్నాను, ఆ మాట తప్పు’ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఆ స్కీము ఇంకా ఉందాండి?’ అని అడిగాడు. తీసేశానంటే ‘మంచి పని చేశారండి’ అన్నాడు. తిరిగి రమ్మన్నాను, రాలేదు.

దసరాకి స్కీము ప్రకటించే ముందు ఒక్క పని చేయండి. కాగితం కుర్రాళ్ల చేతికిచ్చి, ‘దీన్ని ఎలా మోసం చేయొచ్చో చెప్పండ్రా, ఏమీ అనను’ అని అడగండి. ఈ పని నేను ముందే చేసుంటే నెలాఖరు బిల్లు సంగతి ఐదు నిమిషాల్లో బయటపడేది. మీ షాపుల్లో ఎలా చేస్తున్నారో కింద రాయండి, నేనూ నేర్చుకుంటాను.