తెల్ల పంచెను నమ్మకండి

మెట్టుగూడలో పిన్ని వాళ్లింట్లో అన్నప్రాశన. ఒకవైపు కిటికీ వెలుగు, ఇంకోవైపు దేవుడి గూట్లో పసుపు బల్బు. ఫొటోలో పాపాయి ఒక చెంప నీలం, రెండోది పసుపు!

"బాబాయ్ పంచె తెల్లగానే ఉందిగా, వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో దానిమీద క్లిక్ చెయ్యి" అన్నాడు తమ్ముడు.

చేస్తే మొహాలు ఇంకా పచ్చబడ్డాయి. బట్టలు తెల్లగా కనబడాలని డిటర్జెంట్లలో కలిపే రసాయనం పగటి వెలుగులో నీలంగా మెరుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని తీసేయబోయి ఫొటో అంతటికీ పసుపు పులిమింది.

పాపాయి మొహం పక్కనే గ్రే కార్డు పెట్టి తీసిన ఫొటో ఉంది. లైట్‌రూమ్‌లో డ్రాపర్‌తో ఆ కార్డు మీద క్లిక్ చేశా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ దాదాపు సమానమయ్యాయి, మొహానికి మనిషి రంగొచ్చింది. అదే సెట్టింగ్ మిగతా రా ఫైళ్లకీ కాపీ చేశా.

అయితే ఒక్క క్లిక్ సరిచేసేది కార్డు మీద పడిన వెలుగునే. బల్బు వైపు చెంప ఇంకా కాస్త పసుపే. అక్కడ బ్రష్‌తో మాస్క్ గీసి, టెంపరేచర్ స్లైడర్‌ని నీలం వైపు కొంచెం జరపాల్సొచ్చింది.

గూట్లో పసుపు మాత్రం ముట్టుకోలేదు. దేవుడి దగ్గర ఆ రంగే బాగుంది.

మీరైతే ఉంచుతారా, తీసేస్తారా?