సైట్ చూశాకే ప్రశ్నల గడువు

మున్సిపల్ ఇంజినీరింగ్ సెక్షన్లో టెండర్ల సీటు నాది. ప్రీబిడ్ మీటింగ్ నోటీసు రాయడం అందులో చిన్న పనిగానే కనిపిస్తుంది. చాలామంది పాత నోటీసు తీసి, తేదీలు మార్చి, సంతకానికి పెట్టేస్తారు. చిక్కంతా ఆ తేదీల వరసలోనే ఉంటుంది. ప్రశ్నలు పంపడానికి 8వ తేదీ ఆఖరని రాసి, సైట్ చూడటానికి 10వ తేదీ ఇచ్చిన నోటీసులు నా చేతికి వచ్చాయి. చూడని చోటు గురించి వెండర్ ఏం అడుగుతాడు?

ఈమధ్య మా హెడ్‌వర్క్స్‌లో పాత వర్టికల్ టర్బైన్ పంపులు తీసి కొత్తవి పెట్టే పనికి టెండర్ పిలిచాం. 3వ తేదీన పోర్టల్లో పెట్టాం. సైట్ సందర్శన 8, 9 తేదీల్లో. ప్రశ్నలకు గడువు 12వ తేదీ సాయంత్రం 5 గంటలు. మీటింగ్ 16న. సైట్‌కీ గడువుకీ మధ్య మూడు రోజులు వెండర్ ఆలోచించుకోవడానికి. గడువుకీ మీటింగ్‌కీ మధ్య నాలుగు రోజులు మేం జవాబులు తయారుచేసి, ఈఈ గారికి, అకౌంట్స్‌కి చూపించుకోవడానికి. ఆ నాలుగు రోజులూ లేకపోతే మీటింగ్‌లో ప్రతి ప్రశ్నకూ 'పరిశీలిస్తాం' అనే చెప్పాలి. అలాంటి మీటింగ్‌కి ఊళ్ల నుంచి జనాన్ని పిలిపించడం దండగ.

రిజిస్ట్రేషన్ అంటే రెండు వేరువేరు పనులని నోటీసులో విడదీసి రాస్తాను. ఒకటి ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో నమోదు. దానికి క్లాస్ 3 డిజిటల్ సంతకం కావాలి. పాన్‌లో ఒక పేరు, జీఎస్టీలో ఇంకో పేరు ఉంటే అక్కడే రోజులు పోతాయి. రెండోది మీటింగ్‌కి, సైట్‌కి వచ్చేవాళ్ల పేర్లు. కంపెనీకి ఇద్దరు, లెటర్‌హెడ్ మీద అధికార పత్రం, చేతిలో ఫొటో గుర్తింపు కార్డు. గేటు దగ్గర గొడవ ఎక్కువగా డ్రైవర్ విషయంలో వస్తుంది. అందరి పేర్లూ పంపి అతని పేరు మరిచిపోతారు. తాగునీటి ప్లాంటు కనుక సెక్యూరిటీ లోపలికి వదలడు. అందుకే 'డ్రైవర్ పేరు, వాహనం నంబరు సహా' అని విడిగా వేయిస్తున్నాను.

సైట్ వేళ కూడా ఊరికే వేసేది కాదు. మా పంపులు మధ్యాహ్నం కాసేపే ఆగుతాయి. సంప్ మూతలు తీసి లోపల చూడాలంటే ఆ వేళే. 'ఆఫీసు వేళల్లో చూడవచ్చు' అని రాస్తే పొద్దున్నే వచ్చినవాడు నడుస్తున్న మోటార్లు చూసి వెళ్లిపోతాడు. కాబట్టి ఒంటిగంట నుంచి మూడు దాకా అని రాశాం.

ఆ వేళకు వచ్చిన ఒక వెండర్ టేపు తీసి, పైదూలానికి వేలాడే చైన్ పుల్లీ కొక్కెం నుంచి నేలదాకా కొలిచాడు. 3.2 మీటర్లు. మా షెడ్యూల్లో కాలమ్ పైపు ముక్క 3 మీటర్లని ఉంది. పైపుకు కట్టే స్లింగు, కింద బిగించే క్లాంపు పోను అంత ముక్కను నిలబెట్టి సంప్‌లోకి దించడం కుదరదు. "1.5 మీటర్ల ముక్కలు ఇవ్వొచ్చా సార్?" అని అక్కడే ఏఈ గారిని అడిగాడు. "ఇవ్వొచ్చండి" అని ఆయన అనేస్తే పని చెడేది. ముక్కలు పెరిగితే జాయింట్లు పెరుగుతాయి, జాయింటుకో బేరింగు వస్తుంది, రేటు మారుతుంది. ఆ మాట విన్న ఒక్కడు ఒక లెక్కన, మిగతావాళ్లు ఇంకో లెక్కన టెండర్ వేస్తారు. "రాసి పంపండి" అన్నాడాయన. సైట్‌లో నోటిమాటగా చెప్పింది చెల్లదని నోటీసులో ఉన్న వాక్యం ఇందుకే.

ప్రశ్నలకు మేమిచ్చే పట్టికలో నాలుగు గళ్లు: పేజీ, క్లాజు నంబరు, అక్కడున్న మాట, అడిగేది. కంపెనీ పేరు మెయిల్లో ఉండాలి గానీ పట్టికలో వద్దు, ఎందుకంటే ఆ పట్టికే జవాబులతో అందరికీ వెళ్తుంది. స్కాన్ చేసిన కాగితం కాకుండా టైపు చేసిన ఫైలు అడుగుతాం. లేకపోతే అదంతా మళ్లీ మేం కొట్టుకోవాలి. ఆ వెండర్ ప్రశ్న 11న వచ్చింది. 16న చర్చించి, 1.5 మీటర్ల ముక్కలకు షెడ్యూల్ మార్చి, 19న కొరిజెండం పెట్టాం. మీటింగ్ వివరాలు బిడ్డర్లందరికీ తెలియజేసి వెబ్‌సైట్లో ఉంచాలని కేంద్ర ప్రభుత్వ జీఎఫ్‌ఆర్ 2017లోనూ ఉంది.

మా టెండర్లలో ప్రీబిడ్‌కి రాకపోయినా టెండర్ వేయొచ్చు. కొరిజెండం మాత్రం రానివాళ్లకూ వర్తిస్తుంది. అందుకని బిడ్ అప్‌లోడ్ చేసే ముందు పోర్టల్లో కొరిజెండం పేజీ ఒకసారి తెరిచి చూడండి. 3 మీటర్ల పైపుకే రేటు వేసి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.