అరగంట వెలుగు

ఫొటోలు తీసేవాళ్లు గోల్డెన్ అవర్ అంటారు కానీ, మన దగ్గర ఆ బంగారు వెలుగు గంటసేపు ఉండదు. ఉత్తరాన ఎక్కడో ఉన్న చలి దేశాల్లో పొద్దు బాగా ఏటవాలుగా దిగుతుంది. మన దగ్గర దాదాపు నిలువుగా దిగిపోతుంది. అందుకే ఆ మెత్తని వెలుగు అరగంటకు మించదు. శామీర్‌పేట చెరువుకు వెళ్లేటప్పుడు మేము ఆ అరగంట నుంచి వెనక్కి లెక్క వేసుకుంటాం.

డిసెంబర్ మూడో వారం సంగతే చూద్దాం. సాయంత్రం 5.45 ప్రాంతంలో పొద్దుగూకుతుంది. మంచి వెలుగు 5.15కు మొదలవుతుంది. చోటు వెతుక్కోవడానికి ఇంకో అరగంట కావాలి. అంటే 4.45కే చెరువు దగ్గర ఉండాలి. సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద బస్సులో పోతాం. దారిలో హకీంపేట వైమానిక స్థావరం వస్తుంది, అక్కడ కెమెరా బయటికి తీయం. సెలవు రోజుల్లో చెరువు దగ్గర జనం ఎక్కువ కాబట్టి మామూలు రోజునే ఎంచుకుంటాం.

చేరగానే చేయి చాచి, పొద్దుకూ నేల అంచుకూ మధ్య పిడికిలి పెట్టి చూస్తాం. ఒక్క పిడికిలి పడితే ఇంకా ముప్పావు గంట ఉన్నట్టు. పొద్దును మాత్రం సూటిగా చూడకూడదు. డిసెంబర్‌లో అది నైరుతి వైపు జరిగి గూకుతుంది, జూన్‌లో వాయవ్యం వైపు. ఎండాకాలంలో నచ్చిన చోట చలికాలంలో చెట్టో గుట్టో అడ్డం రావచ్చు.

చలికాలంలో పొగ, దుమ్ము నేలకు దగ్గరగా పేరుకుంటాయి. మన నీడ అంచు ముందుగానే మసకబారితే, పొద్దు నేల అంచును తాకకముందే వెలుగు చచ్చిపోతుంది. అప్పుడు ఇంకా ఆగకుండా వెంటనే తీయడం మొదలుపెడతాం. నీళ్లలో నీడ స్పష్టంగా పడాలంటే మాత్రం గాలి లేని తెల్లవారుజామే మేలు. ఆ రోజుల్లో పొద్దు పొడిచేది 6.40 ప్రాంతంలో.

మాకు అన్నిటికన్నా ముఖ్యం మనిషి ముఖం. మన వాళ్లను పొద్దుకు ఎదురుగా నిలబెట్టి నల్లటి ఆకారాలుగా తీసిన ఫొటోలు చాలా చూశాం. వాటిలో అవ్వ కళ్లు కనబడవు, ఆమె రైకకు కుట్టిన అద్దాలు కనబడవు. అందుకే పొద్దు మనిషికి పక్కగా ఉండేట్టు నిలబెడతాం. ఫోన్ తెర మీద ముఖాన్ని వేలితో తాకితే, ఫోన్ ఆకాశాన్ని వదిలి ముఖానికి తగ్గట్టు వెలుగును సరిచేస్తుంది. ఆకాశం తెల్లబోతే పోనీ అనుకుంటాం. చివరికి తీసిన ఫొటోను ఆ మనిషికే చూపిస్తాం. "ఇది నేనే" అని ఆమె అంటేనే దాన్ని ఉంచుకుంటాం.