నాయనమ్మకు ఒక ఉత్తరం

ప్రియమైన తల్లిదండ్రులకు,

ఈ నెల మీ పిల్లల తెలుగు నోటుపుస్తకంలో ఒక ఉత్తరం కనిపిస్తుంది. మూడో తరగతిలో అమ్మమ్మకో, నాయనమ్మకో, తాతయ్యకో ఉత్తరం రాయడం నేర్పుతున్నాం. అందులో అక్షరదోషాలు ఉంటాయి. వాటిని చూసి మీరు చెరిపించి మళ్ళీ రాయించే ముందు, ఈ పాఠం చెప్పడంలో నేను చేసిన పొరపాట్లు మీతో పంచుకోవాలనుకున్నాను.

మొదట్లో నేను ఈ పాఠాన్ని బోర్డు మీద నమూనాతో మొదలుపెట్టేదాన్ని. కుడివైపు పైన ఊరు, తేదీ. కింద సంబోధన. తర్వాత ‘నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను’. చివర ‘ఇట్లు’. పిల్లలు చక్కగా రాసుకున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో నోటుపుస్తకాలు దిద్దుతుంటే అన్నీ ఒకే ఉత్తరం. పేర్లు మూసేస్తే ఏది ఎవరిదో నాకే తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ‘తలుస్తాను’ అనే మాట ఇంట్లో ఎక్కడా వినిపించదు కదా! ఉత్తరం ఆకారం వచ్చింది కానీ అందులో మనవడు లేడు.

అందుకే ఇప్పుడు వరస మార్చాను. మధ్యలోది ముందు, పైది తర్వాత, కిందది ఆఖరున. మొదటి రోజు అసలు పెన్సిల్ పట్టనివ్వను. మూడు ప్రశ్నలు అడుగుతాను. ఈ వారం నాయనమ్మ చూడనిది ఏం జరిగింది? ఆవిడ పక్కనే ఉంటే దాని గురించి ఇంకేం అడుగుతుంది? ఆవిడను నువ్వు ఏం అడగాలి? ఈ మూడింటికి నోటితో చెప్పిన జవాబులే ఉత్తరంలో విషయం.

ఈ ఏడాది ఒక బాబు మొదట రాసింది ఇది: ‘నాయనమ్మ నేను బాగున్నాను. మీరు బాగున్నారా. నేను బాగా చదువుతున్నాను. నువ్వు ఎప్పుడు వస్తావు. బై.’ పక్కన కూర్చుని, ‘ఈ వారం ఏం జరిగిందిరా?’ అన్నాను. పన్ను ఊడిందన్నాడు. నాయనమ్మ ఉంటే ఏం అడుగుతుందంటే, ‘ఎలా ఊడింది, ఏడ్చావా అంటుంది’ అన్నాడు. మరి నువ్వు ఏం అడుగుతావు అన్నాను. కాసేపు ఆలోచించి, ‘ఊళ్ళో అయితే పన్నును ఇంటి కప్పు మీద వేస్తారు. మాది మూడో అంతస్తు. మా పైన వేరేవాళ్ళ ఇల్లుంది టీచర్. ఎక్కడ వేయాలి?’ అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. వాళ్ళ నాయనమ్మే చెప్పాలి. ఉత్తరం రాయడానికి కారణం అప్పుడు దొరికింది.

రెండో రోజు సంబోధన. ఇంగ్లీషు ఉత్తరంలో ‘డియర్ గ్రాండ్‌మదర్’ అంటే సరిపోతుంది. ఆ అలవాటుతో చాలామంది ‘ప్రియమైన నాయనమ్మ’ అని ఆపేస్తారు. తెలుగులో అయితే ‘నాయనమ్మకు’ అనాలి, లేదా పిలిచినట్టుగా ‘నాయనమ్మా’ అనాలి. ఇక్కడే ‘నువ్వు’, ‘మీరు’ గొడవ కూడా వస్తుంది. ఇంట్లో ఎలా పిలిస్తే ఉత్తరంలోనూ అలాగే రాయమంటాను. నాయనమ్మను ‘నువ్వు’ అనే ఇల్లు ఉంటుంది, తాతయ్యను ‘మీరు’ అనే ఇల్లు ఉంటుంది. రెండూ సరైనవే. ఒకే ఉత్తరంలో రెండూ కలవకూడదు, అంతే. క్రియల చివర గీత గీయిస్తే పిల్లలే పట్టుకుంటారు. ‘బాగున్నారా’ దగ్గర ‘రా’ ఉంది, ‘వస్తావు’ దగ్గర ‘వు’ ఉంది. ఆ బాబు తన తప్పును అలాగే తనే చూసుకున్నాడు.

మూడో రోజు ముగింపు. సెలవు చీటీలో నేర్చుకున్న ‘ఇట్లు, మీ విధేయుడు’ ఇక్కడికి వచ్చేస్తుంది. ‘నువ్వు ప్రిన్సిపాల్ గారికి ఎవరు, నాయనమ్మకు ఎవరు?’ అని అడిగితే నవ్వి ‘మనవడు’ అని మారుస్తారు. ఇంకో తప్పు, ‘నీ మనవడు’ అని రాసి పేరు మరిచిపోవడం. ఐదుగురు మనవలున్న నాయనమ్మకు ఏ మనవడో ఎలా తెలుస్తుంది?

చివరికి ఆ ఉత్తరం ఇలా తయారైంది. బాబు పేరు మాత్రం ఇక్కడ వేయడం లేదు.

‘ప్రియమైన నాయనమ్మకు, నమస్కారం. సోమవారం నా పై పన్ను ఊడింది. జామకాయ కొరికితే దాంట్లోనే ఉండిపోయింది. కొంచం రక్తం వచ్చింది. నేను ఏడవలేదు. అమ్మ పన్నుని కాయితంలో చుట్టి దాచింది. మా ఇంటి పైన వేరేవాళ్ళ ఇల్లు ఉంది. పన్ను ఎక్కడ వేయాలి? నాకు చెప్పు. ఇట్లు, నీ మనవడు.’

‘కొంచం’, ‘కాయితం’ నేను దిద్దలేదు. కారణం చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక పాప ఉత్తరం మీద ఎర్ర పెన్నుతో ప్రతి తప్పూ చుట్టాను. మూడుసార్లు మళ్ళీ రాయించాను. మూడో ప్రతిలో ఒక్క తప్పూ లేదు. కానీ మొదటి ప్రతిలో ఉన్న మంచి వాక్యం, వాళ్ళ తాతయ్య సైకిల్ బెల్ మోత తనకు ఇంకా గుర్తుందన్న వాక్యం, మాయమైంది. ఏమైందమ్మా అంటే, ‘సైకిల్ స్పెల్లింగ్ రావట్లేదు టీచర్, అందుకే తీసేశాను’ అంది. ఆ రోజు నుంచి నేను దిద్దేవి మూడే: సంబోధన, పేరు, అర్థం మారిపోయే మాట. ‘పన్ను’లో ఒత్తు పోయి ‘పను’ అయితే నాయనమ్మ ‘పని’ అనుకోవచ్చు, కాబట్టి అది దిద్దుతాను. మిగతావి నా పుస్తకంలో రాసుకుని, వచ్చే వారం తరగతి మొత్తానికీ కలిపి చెబుతాను.

ఉత్తరం బాగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పేరు చదవకుండా తరగతిలో పైకి చదువుతాను. ‘ఇది ఎవరిది?’ అంటే పిల్లలు వెంటనే చెప్పగలిగితే అది పూర్తయినట్టు. చెప్పలేకపోతే ఆ మూడు ప్రశ్నలూ మళ్ళీ అడుగుతాను.

మీ వల్ల కావలసినవి కొన్ని ఉన్నాయి. నాయనమ్మ, తాతయ్య లేని ఇల్లయితే, లేదా ఆ మాట ఎత్తడం కష్టమైన పరిస్థితి ఉంటే, ముందే డైరీలో ఒక ముక్క రాయండి. ఆ పిల్లలు పెద్దమ్మకో, పక్కింటి తాతయ్యకో రాస్తారు. అందరి ముందు అడిగి ఏడిపించిన తప్పు ఒకసారి చేశాను, మళ్ళీ చేయను. పెద్దవాళ్ళకు చదువు రాకపోతే, అక్కడ చదివి వినిపించేవాళ్ళు ఎవరో కనుక్కోండి. చూపు తగ్గినవాళ్ళయితే చెప్పండి, గీత విడిచి గీత మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాను.

చిరునామా మాత్రం మీరే రాసి పంపండి. ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా, ఆరంకెల పిన్‌కోడ్. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2016లో కొత్త జిల్లాలు వచ్చాయి కదా, మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ఒకసారి సరిచూడండి. పిల్లలు దాన్ని చూసి ఇన్‌లాండ్ లెటర్ మీద రాస్తారు. రాసేటప్పుడు పక్కన కూర్చుని మాటలు అందించకండి. మీ మాట ఒక్కటి చేరినా పెద్దవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ఆ బాబుకు పదిహేను రోజుల తర్వాత జవాబు వచ్చింది. వాళ్ళ నాయనమ్మ చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాసిందట. బడికి తెచ్చి చూపించాడు. అందులో ఉన్నది మూడే వాక్యాలు. ‘పన్ను పారేయకు. సంక్రాంతికి తీసుకురా. మన పెంకుటింటి మీద వేద్దాం.’

పన్ను ఇప్పుడు వాడి పెన్సిల్ డబ్బాలో ఉంది. పోతుందేమోనని రోజూ తెరిచి చూసుకుంటున్నాడు.

ఇట్లు,
మీ పిల్లల మూడో తరగతి తెలుగు టీచర్